పదకొండేళ్ల రిపేర్ పనిని రెజ్యూమేలోకి ఎక్కించడం ఎలా?

ఆ రోజు రాత్రి బడికి నలభై నిమిషాలు లేటుగా వెళ్లాను. చేతులు రెండుసార్లు కడుక్కున్నా గోళ్ల సందుల్లో గ్రీజు పోలేదు. మాస్టారు బోర్డు మీద లెక్క సగంలో ఆపి, "ఏమయ్యా, ఇవాళ ఏం చెడిపోయింది?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన లెక్కలు చెప్తారు, మెషిన్ల గురించి ఏమీ తెలియదు. ఆ తెలియకపోవడమే తర్వాత నాకు బాగా పనికొచ్చింది.

క్లాసయ్యాక జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించాను. అది నా రెజ్యూమే. షాప్ ఫ్లోర్‌లో పదకొండేళ్ల సర్వీసు తొమ్మిది లైన్లలో అయిపోయింది. "పంపులు, మోటార్లు, కన్వేయర్లు, హైడ్రాలిక్ ప్రెస్‌ల మెయింటెనెన్స్. కష్టపడి పనిచేసే స్వభావం. టీమ్‌తో కలిసి పనిచేయగలను." ఇలాగే చివరిదాకా. మాస్టారు చదివి, కాగితం బల్ల మీద బోర్లా పెట్టి, "సరే గానీ, ఇవాళ ఎందుకు లేటయిందో చెప్పు" అన్నారు. చెప్పడం మొదలుపెడితే ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన నా రెజ్యూమే వెనక వైపు ఏదో రాసుకుంటూనే ఉన్నారు. చివరికి కాగితం తిప్పి రెండు వైపులా చూపించారు. వెనక వైపు నిండిపోయింది. ముందు వైపు సగం ఖాళీ.

మీరూ మెయింటెనెన్స్‌లో ఉండి, రెజ్యూమే రాద్దామని కూర్చుని పది లైన్ల దగ్గర ఆగిపోయి ఉంటే, ఆ తర్వాత మేమిద్దరం రెండు నెలల పాటు చేసిన పని ఇదీ. అదే వరసలో చేసి చూడండి.

ముందు రెజ్యూమే ఫైల్ తెరవకండి

ఫార్మాట్ డౌన్‌లోడ్ చేసి అందులో ఖాళీలు నింపుదామనుకుంటే మళ్లీ అవే మాటలు వస్తాయి. ఎందుకంటే ఆ ఖాళీలు మెషిన్ల పేర్లు అడుగుతాయి తప్ప, మీరేం చేశారో అడగవు. ముందు ఒక నోట్‌బుక్ తీసుకోండి. రిపేర్‌కి ఒక పేజీ. కనీసం ఇరవై రిపేర్లు రాయాలి. అందులోంచి చివరికి రెజ్యూమేలోకి వెళ్లేవి నాలుగో ఐదో మాత్రమే.

"నాకు గుర్తు లేదు మాస్టారూ, రోజూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటాం" అన్నాను. నిజంగానే గుర్తుండదు. బాగా చేసిన రిపేర్‌కి ఉన్న తిప్పలే అది. మళ్లీ చెడిపోదు కాబట్టి దాని గురించి మళ్లీ ఎవరూ మాట్లాడరు. పదేపదే సతాయించిన మెషిన్లే మనకు గుర్తుంటాయి. అందుకని మాస్టారు ప్రశ్న మార్చారు. "అర్ధరాత్రి ఫోన్ చేసి నిన్నే పిలవమన్నది ఏ మెషిన్‌కి?" అని అడిగారు. వెంటనే మూడు పేర్లు వచ్చాయి. "ఒకప్పుడు నెలకోసారి ఆగి, ఇప్పుడు ఆగనిది ఏది?" అంటే ఇంకో నాలుగు. "కొత్తగా చేరినవాళ్లు నిన్ను అడిగి చేసే పని ఏది?" అంటే ఇంకో రెండు. మీరూ ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. మెషిన్ల జాబితా చూస్తూ గుర్తు చేసుకోవడం కన్నా ఇది చాలా నయం.

గుర్తొచ్చినదాన్ని తర్వాత రికార్డుతో సరిచూసుకోవాలి. బ్రేక్‌డౌన్ రిజిస్టర్, షిఫ్ట్ లాగ్‌బుక్, జాబ్ కార్డులు, స్టోర్స్ నుంచి స్పేర్లు తీసుకున్న స్లిప్పులు. ఎన్నిసార్లు, ఎన్ని గంటలు అన్న అంకెలు వీటిలోనే దొరుకుతాయి. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. రిజిస్టర్ పేజీలు, డ్రాయింగులు, ప్రోగ్రాముల ఫొటోలు తీసి బయటికి పట్టుకుపోకండి. అవి కంపెనీవి. నేను మా సూపర్‌వైజర్‌ని అడిగి, నా సొంత పని వివరాలు మాత్రం డైరీలో చేత్తో రాసుకున్నాను. మీ దగ్గర వీల్లేదంటే, మీకు కచ్చితంగా తెలిసిన అంకెలతోనే సరిపెట్టుకోండి.

ఒక్క రిపేర్‌ని పూర్తిగా తవ్వండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పని. మాకు మూడు వారాలు పట్టింది కూడా దీనికే. నా కేసు ఒకటి మొదటి నుంచీ చెప్తాను.

మా షాపులో కూలింగ్ వాటర్ పంపు ఒకటి ఉంది. 11 కిలోవాట్ మోటార్, దాని పక్కనే పంపు, రెండూ ఒకే బేస్ ఫ్రేమ్ మీద ఉంటాయి, మధ్యలో రబ్బరు బుష్‌ల కప్లింగ్. ఆ మోటార్‌లో కప్లింగ్ వైపు బేరింగ్ మాటిమాటికీ పోయేది. నేను నోట్‌బుక్‌లో రాసిన మొదటి వాక్యం ఇది: "కూలింగ్ పంప్ మోటార్ బేరింగ్ చాలాసార్లు మార్చాను."

మాస్టారు చదివి, "చాలాసార్లు మార్చావంటే సరిగా మార్చడం రాదనుకుంటారు కదయ్యా" అన్నారు. నాకు కొంచెం కోపం వచ్చింది. కానీ ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆ వాక్యంలో నేను చేసిన అసలు పని లేనే లేదు.

రిజిస్టర్ చూశాను. 14 నెలల్లో 7 సార్లు మార్చాం. ఆగిన గంటలు వరసగా 3, 4, 3, 5, 3, 4, 3. మొత్తం 25. 'కారణం' అన్న కాలమ్‌లో ఏడుసార్లూ ఒకటే మాట ఉంది: "బేరింగ్ ఫెయిల్". ఇందులో కొన్ని నేను రాసినవే. మాస్టారు ఆ మాట దగ్గర వేలు పెట్టి, "ఇది కారణమా? జ్వరం ఎందుకొచ్చిందంటే ఒళ్లు కాలుతోంది కాబట్టి అన్నట్టుంది" అన్నారు. బేరింగ్ పోవడం ఫలితం. కారణం ఇంకెక్కడో ఉంది. మీ రిజిస్టర్‌లో కూడా ఈ కాలమ్‌ని ఒకసారి చూడండి. ఫ్యూజ్ పోయింది, సీల్ లీకయింది, బెల్ట్ తెగింది అని ఉంటే, అవన్నీ పైకి కనిపించినవి. వాటి వెనక మీరు కనిపెట్టింది ఏదైనా ఉంటే రెజ్యూమేకి సరుకు అదే.

మరి నేనేం కనిపెట్టాను? ఏడోసారి మార్చేదాకా అందరం బేరింగుల్నే తిట్టుకున్నాం. నకిలీ సరుకు అన్నారు, స్టోర్స్ వాళ్ల మీద పడ్డారు, బ్రాండ్ మార్చారు. ఏడోసారి కప్లింగ్ గార్డ్ తీసినప్పుడు కింద ఫ్రేమ్ మీద నల్లటి పొడి కుప్పగా కనిపించింది. వేళ్ల మధ్య నలిపి చూస్తే రబ్బరు. బుష్‌లు అరిగి రాలుతున్నాయి. అంటే రెండు షాఫ్టులూ ఒకే గీత మీద లేవు, ఒకదాన్నొకటి ఒత్తుకుంటున్నాయి. అలైన్‌మెంట్ అంతకుముందు చూడలేదా అంటే, చూశాం. చూసినప్పుడు సరిగానే ఉండేది. బోల్టులు బిగించాక మళ్లీ మారిపోయేది.

ఆ మాట చెప్తుంటే మాస్టారు పెన్ను ఆపారు. "బిగిస్తే ఎందుకు మారుతుంది?" అని అడిగారు. నేను లేచి, నాలుగు కాళ్లూ సమంగా లేని బల్ల ఒకటి చూపించి ఊపాను. మోటార్‌కి నాలుగు పాదాలుంటాయి. వాటిలో ఒకటి ఫ్రేమ్‌ని పూర్తిగా తాకకపోతే, బోల్టు బిగించినప్పుడు ఆ పాదం కిందికి లాగబడుతుంది, మోటార్ బాడీ మెలితిరుగుతుంది, షాఫ్టు జరుగుతుంది. మేం దీన్ని సాఫ్ట్ ఫుట్ అంటాం. పట్టుకోవడం తేలికే. నాలుగు బోల్టులూ బిగించి ఉంచి, ఒక పాదం మీద డయల్ గేజ్ ఆనించి, ఆ ఒక్క బోల్టునే వదులు చేయాలి. ముల్లు దాదాపు కదలకూడదు, 0.05 మిల్లీమీటర్ల దాకా అయితే ఫర్వాలేదంటారు. చూసిన పాదాన్ని మళ్లీ బిగించి తర్వాతి దానికి వెళ్లాలి. మూడు పాదాల దగ్గర ముల్లు అలాగే ఉంది. నాలుగో పాదం దగ్గర 0.35 దాకా లేచింది.

ఆ పాదం కింద ఫీలర్ గేజ్ పెట్టి సందు అన్ని వైపులా ఒకేలా ఉందో లేదో చూశాను. ఒకేలానే ఉంది. 0.20, 0.15 షిమ్‌లు రెండు పెట్టి, మళ్లీ గేజ్‌తో చూసి, బుష్‌లు కొత్తవి వేసి, అలైన్‌మెంట్ చేశాను. ఈసారి బిగించాక కూడా నిలబడింది. తర్వాతి 11 నెలల్లో ఆ బేరింగ్ ఒక్కసారే పోయింది. అప్పుడు ఆగింది 3 గంటలు.

ఇదంతా చెప్పాక మాస్టారు అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. "ఇంతకీ ఆ పంపు ఆగితే ఏమవుతుంది?" నాకు నవ్వొచ్చింది. నీళ్లు రాకపోతే నాలుగు మౌల్డింగ్ మెషిన్లు ఆగుతాయి. ఆ సంగతి షాపులో అందరికీ తెలుసు కాబట్టి చెప్పాలనే తట్టలేదు. కానీ రెజ్యూమేని మొదట చదివే హెచ్ఆర్ మనిషికి తెలియదు. మాస్టారికి తెలియనట్టే.

కాబట్టి మీరు ఎంచుకున్న ప్రతి రిపేర్‌కీ నోట్‌బుక్‌లో ఇవి ఉండాలి: మెషిన్ ఏమిటి, అది ఆగితే ఇంకేం ఆగుతుంది, పైకి కనిపించిన లోపం, అంతకుముందు ఏం చేసి విఫలమయ్యారు, మీకు అనుమానం ఎక్కడ మొదలైంది, దేంతో కొలిచారు, ఏం మార్చారు, ఆ తర్వాత ఎన్నాళ్లు ఆగకుండా నడిచింది. ఏదైనా తెలియకపోతే ఖాళీ వదిలేయండి. ఊహించి నింపొద్దు. వీటిని మెషిన్ తెలియని మనిషి ఒకరికి నోటితో చెప్పండి. ఇంట్లోవాళ్లయినా సరే. వాళ్లు ఎక్కడ ఆపి అడుగుతారో అక్కడ మీ రాతలో ఖాళీ ఉన్నట్టు లెక్క.

ఒక పేజీని ఒక వాక్యంగా కుదించండి

నోట్‌బుక్‌లో పేజీన్నర అయింది. రెజ్యూమేలో అది రెండు లైన్లకి మించకూడదు. నా రెండో ప్రయత్నం ఇలా ఉంది: "సాఫ్ట్ ఫుట్ 0.35 మి.మీ. ఉండగా 0.20, 0.15 షిమ్‌లు వేసి, బుష్‌లు మార్చి, డయల్ గేజ్‌తో అలైన్‌మెంట్ చేసి బేరింగ్ సమస్య తీర్చాను." తెలిసినవాడికి ఇది ముద్దొస్తుంది. హెచ్ఆర్ దగ్గర మాత్రం గట్టెక్కదు. షిమ్ మందం ఇంటర్వ్యూలో చెప్పుకోవాల్సిన విషయం, కాగితం మీద కాదు.

మాస్టారు ఒక పద్ధతి చెప్పారు. వాక్యంలో మూడు ముక్కలే ఉండాలి. దేనికి దెబ్బ తగులుతోంది, నువ్వు కనిపెట్టింది ఏమిటి, తర్వాత ఏం మారింది. మొదటి ముక్కా చివరి ముక్కా ఎవరికైనా అర్థమవ్వాలి. మధ్య ముక్కలో మాత్రం ఒకటో రెండో పనిమాటలు ఉండాలి, మెయింటెనెన్స్ హెడ్ కన్ను అక్కడ ఆగేలా. చివరికి తేలింది ఇదీ:

"నాలుగు మౌల్డింగ్ మెషిన్లకు నీళ్లిచ్చే పంపు మోటార్‌లో 14 నెలల్లో 7 సార్లు బేరింగ్ పోవడానికి కారణం సాఫ్ట్ ఫుట్ అని డయల్ గేజ్‌తో కనిపెట్టి, అలైన్‌మెంట్ సరిచేశాను. తర్వాతి 11 నెలల్లో ఒక్కసారే మార్చాల్సి వచ్చింది."

ఇక్కడ తెలుగులో రాశాను. మీరు అప్లై చేసే చోట ఏ భాష అడిగితే ఆ భాషలో పెట్టుకోండి, ముక్కల వరస మాత్రం ఇదే. ఇంగ్లీషులో రాస్తే 'నేను' అనే మాట అక్కర్లేదు, వాక్యం నేరుగా క్రియతోనే మొదలవుతుంది.

అంకెల దగ్గర ఆశ పడకండి

25 గంటలు 3 గంటలైంది కదా, 88 శాతం తగ్గించానని రాద్దామనుకున్నాను. చూడ్డానికి బాగుంటుంది. లెక్కల మాస్టారి దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. "ముందుది 14 నెలలు, తర్వాతది 11. రెండూ ఒకటేనా?" అన్నారు. నెలకి లెక్కేస్తే ముందు దాదాపు 1.8 గంటలు, తర్వాత దాదాపు 0.3. శాతంలో అది 85 అవుతుంది. 88కీ 85కీ పెద్ద తేడా ఏముందని అడిగాను. తేడా అంకెలో లేదట. ఎదుటివాడు "ఇది ఎలా వేశావు?" అంటే నేను తడబడతానా లేదా అన్నదే పాయింటట. అందుకే శాతం తీసేసి, ఎన్నిసార్లు, ఎన్ని నెలల్లో అని ఉన్నది ఉన్నట్టు పెట్టాం. చిన్న అంకెలున్నప్పుడు శాతం రాస్తే అనుమానమే మిగులుతుంది.

కంపెనీకి ఇంత డబ్బు మిగిల్చానని రాయడం కూడా మానేశాం. మెషిన్ గంట ఆగితే ఎంత నష్టమో నాకు తెలియదు, నాకెవరూ చెప్పలేదు. గంటలు నా రిజిస్టర్‌లో ఉన్నాయి కాబట్టి అవి నావి. డబ్బు లెక్క అకౌంట్స్ వాళ్లది.

మెయింటెనెన్స్ ఇంటర్వ్యూల్లో ఎంటీటీఆర్, ఎంటీబీఎఫ్ అన్న మాటలు వినిపిస్తాయి కాబట్టి వాటిని ఇదే కేసుతో తెలుసుకోండి. మొదటిది ఒక్కో రిపేర్‌కి సగటున పట్టిన సమయం. నాకు 25 గంటల్ని 7తో భాగిస్తే దాదాపు 3.6 గంటలు. రెండోది ఒక బ్రేక్‌డౌన్‌కీ ఇంకో బ్రేక్‌డౌన్‌కీ మధ్య మెషిన్ సగటున ఎంతసేపు నడిచిందన్నది. నేను షిమ్ వేసినందువల్ల మొదటిది పెద్దగా మారలేదు. ఆ తర్వాత పోయిన ఒక్కసారీ మూడు గంటలే పట్టింది. పెరిగింది రెండోది. నేను అప్పటిదాకా "త్వరగా రిపేర్ చేస్తాను" అని రాసుకుంటూ వచ్చాను. నా అసలు బలం వేగం కాదని, మళ్లీ రాకుండా చేయడమని ఈ లెక్క వేశాకే నాకు అర్థమైంది. రెజ్యూమే పైన రాసే రెండు లైన్ల పరిచయాన్ని దాంతో మార్చేశాం.

ఒక జాగ్రత్త. స్పేర్ కోసం ఎదురుచూసిన సమయాన్ని కొన్ని చోట్ల రిపేర్ సమయంలో కలుపుతారు, కొన్ని చోట్ల కలపరు. మీ అంకె ఎలా వచ్చిందో మీకు తెలిసి ఉండాలి. నా 5 గంటల బ్రేక్‌డౌన్‌లో రెండు గంటలు స్టోర్స్ తలుపు తెరిచే మనిషి కోసం ఆగినవే.

నేను, మేము

ఏ రిపేరూ ఒక్కడి చేతి మీద జరగదు. ఆ మోటార్‌ని మెగ్గర్‌తో చూసి వైండింగ్ బాగుందని తేల్చింది మా ఎలక్ట్రీషియన్. లేపి దించింది ఇద్దరు హెల్పర్లు. మొహమాటంతో నేను అన్నీ "మేము చేశాం" అని రాశాను. మాస్టారు ప్రతి "మేము" దగ్గరా ఆపి, "ఇందులో నీ చెయ్యి ఏది?" అని అడిగారు. కనిపెట్టింది నేనైతే కనిపెట్టాను అనే రాయాలి. ఇంకొకరు కనిపెడితే నేను బిగించి ఉంటే, సరిచేశాను అని రాయాలి. పక్కన నిలబడి పనిముట్లు అందించి ఉంటే సహాయం చేశాను. ఈ మూడు క్రియల్నీ కలిపేస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాం.

స్కిల్స్ జాబితాలో కూడా ఇదే సంగతి. నేను పీఎల్‌సీ ప్రోగ్రామింగ్ అని రాసుకున్నాను. నిజానికి నేను చేసేది, మెషిన్ ఆగితే ప్యానెల్ తెరిచి, ఇన్‌పుట్ కార్డ్ మీద ఏ లైట్ వెలగలేదో చూసి, ఆ వైరు పట్టుకుని వెళ్లి, కదిలిపోయిన ప్రాక్సిమిటీ సెన్సర్‌నో తుప్పు పట్టిన లిమిట్ స్విచ్‌నో పట్టుకోవడం. లాడర్ చూసి చదవగలను. ప్రోగ్రామ్ రాయలేను. "పీఎల్‌సీ ఫాల్ట్ ఫైండింగ్, లాడర్ చదవడం" అని మార్చాం. చిన్నదైపోయిందని కాసేపు బాధపడ్డాను గానీ, మెయింటెనెన్స్ వాళ్లకి రోజూ కావాల్సింది ఈ పనే.

ఇంకొకటి, హోదా. మొదటి నాలుగేళ్లూ నా పే స్లిప్ మీద హెల్పర్ అనే ఉంది, పని టెక్నీషియన్‌ది. హోదా మార్చి రాయకండి. చేరే ముందు పాత కంపెనీకి ఫోన్ చేసి కనుక్కునేవాళ్లు ఉంటారు. హెల్పర్ అనే రాసి, కింద లైనులో "రెండో ఏడాది నుంచి నైట్ షిఫ్ట్ బ్రేక్‌డౌన్లు ఒంటరిగా చూసుకున్నాను" అని పెట్టాం. హోదా కన్నా ఆ లైనే ఎక్కువ మాట్లాడుతుంది.

కాగితం మీద ఎక్కడ ఏది

ఇందులో పెద్ద విద్యేమీ లేదు. పైన పేరు, ఫోన్, మెయిల్. తర్వాత రెండు మూడు లైన్ల పరిచయం: ఎన్నేళ్లు, ఏ రకం మెషిన్లు, మీ బలం ఏది. దాని కిందే 'ముఖ్యమైన రిపేర్లు' అని నాలుగైదు వాక్యాలు. మామూలుగా ఉద్యోగాల జాబితా ముందు పెడతారు. నేను రెండే చోట్ల పనిచేశాను కాబట్టి ఆ జాబితా చెప్పేది తక్కువ, అందుకే రిపేర్లని ముందుకి తెచ్చాం. తర్వాత స్కిల్స్, ఉద్యోగాలు, చదువు. రాత్రి బడిలో చదువుతున్న కోర్సు కూడా రాయండి, ఇంకా పూర్తి కాలేదని చెప్తూనే.

రిపేర్లు ఎంచుకునేటప్పుడు నాలుగూ ఒకే రకం కాకుండా చూసుకోండి. నావి ఒకటి మెకానికల్, ఒకటి ఎలక్ట్రికల్, ఒకటి హైడ్రాలిక్, ఇంకొకటి రిపేరే కాదు. గార్డ్ లేకుండా నడుస్తున్న కన్వేయర్ చివర గార్డ్ అమర్చి, శుభ్రం చేసే ముందు మెయిన్ స్విచ్‌కి తాళం వేసే అలవాటు షిఫ్ట్‌లో పెట్టించడం. దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. మాస్టారే నోట్‌బుక్‌లో వెతికి పట్టుకున్నారు.

కాగితాన్ని ఒకే కాలమ్‌లో, మామూలు అక్షరాలతో పెట్టి పీడీఎఫ్ చేయండి. రంగు డబ్బాలు, రెండు కాలమ్‌లు, స్కిల్స్ పక్కన నక్షత్రాలు వద్దు. చాలా కంపెనీల్లో రెజ్యూమేని ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, అలాంటివాటి దగ్గర దానికి వరస తప్పుతుంది. తప్పుతుందో లేదో మీరే చూసుకోవచ్చు. పీడీఎఫ్‌లో మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ పైనుంచి కిందికి సరిగా చదవగలిగితే చాలు. నా మొదటి ఫైల్‌లో ఫోన్ నంబర్ వెళ్లి హైడ్రాలిక్ ప్రెస్ వాక్యం మధ్యలో కూర్చుంది.

ఉద్యోగ ప్రకటనలో వాళ్లు వాడిన మాటలు కూడా చూసుకోండి. వాళ్లు ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అని రాస్తే, మీరు చేసింది అదే అయితే, అదే మాట వాడండి. షాపులో మనం 'పీఎం' అంటాం గానీ, సాఫ్ట్‌వేర్‌కి అది అర్థం కాకపోవచ్చు.

పంపే ముందు ఇద్దరికి చదివించండి

ఒకరు మెషిన్లు తెలియనివాళ్లు, ఒకరు బాగా తెలిసినవాళ్లు. మొదటి మనిషి మాస్టారు. రెండో మనిషిగా రిటైరైన మా పాత ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లాను. ఆయన ప్రతి వాక్యం మీదా మూడు ప్రశ్నలు వేశారు. ఎలా తెలిసింది? ఇంకేం అనుమానించి వదిలేశావు? మళ్లీ ఎందుకు రాలేదనుకుంటున్నావు? హైడ్రాలిక్ ప్రెస్ వాక్యం దగ్గర నేను మూడోదానికి జవాబు చెప్పలేకపోయాను. ప్రెషర్ పడిపోతుంటే రిలీఫ్ వాల్వ్ మార్చాను, బాగైంది. పాత వాల్వ్‌లో ఏం తప్పుందో విప్పి చూడలేదు. చెత్త ఇరుక్కుందో, స్ప్రింగ్ అలసిపోయిందో తెలియదు. "అయితే నువ్వు మార్చావు, కనిపెట్టలేదు" అన్నారాయన. ఆ వాక్యం తీసేసి, సక్షన్ ఫిల్టర్ మూసుకుపోయి పంపు గులకరాళ్ల చప్పుడు చేసిన కేసు పెట్టాను. అది నేను విప్పి, కడిగి, చూసి చెప్పింది.

మీరు కూడా ప్రతి వాక్యానికీ ఈ మూడు జవాబులు నోట్‌బుక్‌లోనే, ఆ రిపేర్ పేజీ కింద రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూకి వెళ్లే ముందు చదువుకోవాల్సింది రెజ్యూమే కాదు, ఆ పేజీలు.

నన్ను పిలిచిన మొదటి చోట మెయింటెనెన్స్ మేనేజర్ కాగితం చూస్తూ పంపు వాక్యం దగ్గర ఆగాడు. సాఫ్ట్ ఫుట్ గురించి అడుగుతాడనుకున్నాను. "తర్వాతి 11 నెలల్లో ఒక్కసారి పోయిందన్నారు. అదెందుకు పోయింది?" అన్నాడు. ఆ పేజీ నాకు గుర్తుంది. కొత్తగా వచ్చిన కుర్రాడు గ్రీజ్ గన్‌తో రెండు పోట్లు కొట్టాల్సిన చోట, మంచిదే కదా అని నిండా దట్టించాడు. డ్రెయిన్ ప్లగ్ తీయలేదు. బేరింగ్ వేడెక్కి పోయింది. పాత బేరింగ్ విప్పినప్పుడు కవర్ లోపలంతా గ్రీజు కాలి నల్లబడి ఉంది. ఆ తర్వాత మోటార్ మీద పెయింట్‌తో ఎన్ని పోట్లు, ఎన్ని వారాలకోసారి అని రాయించాను.

ఆయన కాగితం పక్కన పెట్టి, "మా దగ్గరా ఒక బ్లోయర్ ఉంది, రండి చూద్దాం" అని లేచాడు.